మూడో బాల్ నెట్‌కి పోతుంటే మొదటి బాల్ చూడండి: మా అమ్మాయి కేసు ఒకటి

ఇది మా హాల్లో రెండేళ్ళుగా టేబుల్ టెన్నిస్ ఆడుతున్న పదో తరగతి అమ్మాయి సంగతి. కుడిచేతి ఆట, బ్యాట్‌కి రెండు వైపులా మామూలు నున్నటి రబ్బర్లే, కింది నుంచి పైకి గీసి టాప్‌స్పిన్‌తో కొట్టే ఫోర్‌హ్యాండ్ లూప్ మాత్రం తన వయసు పిల్లల్లో చూడముచ్చటగా ఉంటుంది. అలాంటిది జూన్‌లో ఆడిన మ్యాచ్‌లలో తన సర్వ్ మీదే ఎక్కువ పాయింట్లు పోగొట్టుకుంది. సర్వ్ చేతిలో ఉన్నప్పుడు మనదే పైచేయి కావాలి, ఈమెకి సర్వ్ వస్తే మొహంలో టెన్షన్ కనపడేది.

వాళ్ళ నాన్న వచ్చి, "సార్, లూప్ ఒక్కటి సరిచేయండి, అన్నీ నెట్‌కే పోతున్నాయి" అన్నారు. నేనూ చూసింది అదే, కాబట్టి సరే అన్నాను. అక్కడే నేను పప్పులో కాలేశాను.

రెండు వారాలు మల్టీబాల్ పెట్టాను. బుట్టెడు బాల్స్ పక్కన పెట్టుకుని నేను ఒకదాని తర్వాత ఒకటి కట్ చేసి, అంటే బ్యాక్‌స్పిన్ ఇచ్చి, బ్యాక్‌హ్యాండ్ మూలకి వేస్తుంటే ఆమె తిరిగి ఫోర్‌హ్యాండ్‌తో లూప్ చేయడం, రోజుకి రెండు వందలు. నాలుగో రోజుకే పదికి తొమ్మిది టేబుల్ మీద పడుతున్నాయి. సంతోషపడ్డాం. జూలైలో మళ్ళీ మ్యాచ్‌లు ఆడితే అచ్చం జూన్‌లో లాగే, లూప్ నెట్‌కి, తర్వాత భయంతో ఇంకో లూప్ బయటికి, ఆ తర్వాత ఇక లూప్ మానేసి, బ్యాక్‌స్పిన్‌తో బాల్‌ని నెమ్మదిగా తోసే పుష్‌లే చేసుకుంటూ కూర్చోవడం.

అప్పుడు వాళ్ళ నాన్న ఫోన్లో తీసిన మూడు మ్యాచ్‌ల వీడియో ముందు పెట్టుకుని, ఆమె సర్వ్ చేసిన ప్రతి పాయింటూ నోట్‌బుక్‌లో రాశాను. చైనా కోచ్‌లు ఆటని మూడు ముక్కలు చేసి లెక్కపెడతారు: సర్వ్, అది తిరిగొచ్చాక మనం కొట్టే మూడో బాల్ కలిపి ఒకటి, రిసీవ్, నాలుగో బాల్ కలిపి ఇంకొకటి, అక్కడినుంచి సాగే ర్యాలీ మూడోది. నేను మొదటి ముక్క మాత్రమే తీసుకున్నాను. ప్రతి సర్వ్‌కీ నాలుగే గడులు: ఎక్కడ వేసింది, అవతలివాళ్ళు ఏం చేశారు, మూడో బాల్ ఏం చేసింది, పాయింట్ ఎవరిది. ఒక సాయంత్రం పట్టింది, అంతే.

మొత్తం 118 సర్వ్‌లు. అందులో 58 సార్లు అవతలివాళ్ళు పొడుగ్గా పుష్ చేశారు, దాదాపు అన్నీ ఆమె బ్యాక్‌హ్యాండ్ మూలకి. 29 సార్లు సర్వ్ మీదే ఎటాక్ చేశారు. 14 సార్లు నెట్ దగ్గరే పొట్టిగా వేశారు. మిగిలినవి రిసీవ్ తప్పులు, ఈమె సర్వ్ తప్పులు. పొడుగు పుష్‌ల మీద ఆమె 41 సార్లు లూప్ కొట్టింది, 22 పోయాయి, వాటిలో 15 నెట్‌కి. వాళ్ళ నాన్న చెప్పింది అబద్ధం కాదు.

కానీ ఆ 15నీ మళ్ళీ చూశాను. ఈసారి లూప్ చూడలేదు, అవతలి అమ్మాయి బ్యాట్‌కి బాల్ తగిలిన క్షణాన వీడియో ఆపి, ఆ బొమ్మలో మా అమ్మాయి ఎక్కడ ఉందో చూశాను. 12 సార్లు ఒకటే బొమ్మ. సర్వ్ అయిపోయింది, ఒంటి బరువంతా ఎడమకాలి మీదే ఉంది, పొట్ట టేబుల్‌కి ఆనేంత దగ్గరగా ఉంది, కళ్ళు తన సర్వ్ వెనకాలే పోతున్నాయి. ఇక పొడుగు పుష్ వచ్చి టేబుల్ చివర పడితే అది సరిగ్గా పొట్టలోకి వస్తుంది, బ్యాట్ వెనక్కి తీయడానికి చోటు ఉండదు, చేతితో మాత్రమే పైకి లాగుతుంది, బాల్ నెట్‌కి. మల్టీబాల్‌లో ఈ తప్పు ఎందుకు కనపడలేదంటే, అక్కడ ఆమె సర్వ్ చేయడం లేదు కదా, కాళ్ళు ముందే సర్దుకుని నిలబడి ఉంటుంది. రెండు వారాలు నేను నేర్పింది మ్యాచ్‌లో రాని బాల్‌ని కొట్టడం.

ఈ ఆపి చూసే పద్ధతి మీరూ చేసుకోవచ్చు. అవతలి బ్యాట్‌కి బాల్ తగిలేసరికి మీ రెండు కాళ్ళూ నేల మీద ఉండాలి, టేబుల్‌కి కనీసం ఒక అడుగు వెనక ఉండాలి, బ్యాట్ ఒంటికి ముందు ఉండాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా లూప్ గురించి మాట్లాడటం దండగ.

ఇక ఆ 29 ఎటాక్‌ల సంగతి. అవి చూసి ముందు నేను అవతలివాళ్ళు బాగా ఆడారనుకున్నాను. నెమ్మదిగా చూస్తే 20 సార్లు మన సర్వే టేబుల్ దాటి పోతోంది. పొట్టి సర్వ్ అంటే అవతలివాళ్ళు వదిలేస్తే వాళ్ళ వైపు కనీసం రెండుసార్లు టేబుల్ మీద పడాలి. రెండో బౌన్స్ టేబుల్ చివర దాటి గాల్లోకి వచ్చిందంటే ఎవరైనా చేయి పూర్తిగా తిప్పి లూప్ కొట్టేస్తారు, కట్ ఎంత ఉన్నా సరే. ఈమె మాత్రం తను పొట్టి సర్వ్ వేస్తున్నాననే అనుకుంటోంది. "సార్, పొట్టిగానే వేశాను కదా!" అంది. సరేనని ఒక పూట అవతల ఎవర్నీ పెట్టకుండా సర్వ్ చేయించి, పడిన చోట ఇద్దరం కలిసి చూశాం. పదిలో నాలుగు బయటికి. టెన్షన్ లేని హాల్లోనే నాలుగైతే మ్యాచ్‌లో ఎన్ని?

కారణం రెండు చోట్ల ఉంది. బాల్‌ని ఛాతీ ఎత్తుకి దగ్గరగా ఉండగానే తాకుతోంది, అది ఎత్తుగా లేచి దూరం పోతుంది. బాల్ ఇంకా దిగనిచ్చి, ఇంచుమించు నెట్ ఎత్తులో, అంటే టేబుల్ నుంచి 15 సెంటీమీటర్లు ఉండగా తాకాలి. రెండోది, మన వైపు మొదటి బౌన్స్ టేబుల్ మధ్యలో పడుతోంది. పొట్టి సర్వ్‌కి అది నెట్‌కి దగ్గరగా పడాలి, పొడుగు వేగం సర్వ్‌కి అయితే మన చివరి గీత దగ్గర పడాలి. నెట్‌కి ఒక జానెడున్నర ఇవతల చేతిరుమాలు పరిచి, దాని మీద పడేలా వేయమన్నాను. రోజూ పావుగంట, ఒక్కతే. పది రోజులకి పదిలో తొమ్మిది రెండు బౌన్సులు పడ్డాయి. ఇంకా మంచిది ఏంటంటే, ఆ రెండో బౌన్స్ టేబుల్ చివరి జానెడులో పడటం. నెట్ దగ్గరే పడిపోయే సర్వ్ అయితే అవతలివాళ్ళు హాయిగా మళ్ళీ పొట్టిగా వేసేస్తారు, చివరి జానెడులో పడేదాన్ని లూప్ చేయాలా పుష్ చేయాలా అని వాళ్ళు అరక్షణం తడబడతారు, ఆ తడబాటులో పుష్ పొడుగ్గా, కాస్త ఎత్తుగా వస్తుంది. మూడో బాల్‌కి మనకి కావలసింది అదే.

తర్వాత చోటు. ఆమె సర్వ్‌లు ఎక్కువగా అవతలివాళ్ళ బ్యాక్‌హ్యాండ్ వైపు పోతున్నాయి. అక్కడినుంచి ఐమూలగా పుష్ చేస్తే అది మన బ్యాక్‌హ్యాండ్ మూల కూడా దాటి బయటికి పోతుంది, దాన్ని ఫోర్‌హ్యాండ్‌తో అందుకోవాలంటే చాలా తిరగాలి. అదే సర్వ్‌ని టేబుల్ మధ్యలోకి పొట్టిగా వేస్తే అవతలివాళ్ళకి ఆ ఐమూల కోణం తగ్గిపోతుంది, బాల్ అటైనా ఇటైనా మనకి ఒక అడుగు దూరంలోనే వస్తుంది. సర్వ్ మార్చలేదు, స్పిన్ పెంచలేదు, రెండు జానలు పక్కకి జరిపామంతే. నాకు ఈ కేసులో అన్నిటికంటే చవకగా వచ్చిన లాభం ఇదే.

కాళ్ళకి ఒక్కటే పని చెప్పాను. సర్వ్ తాకిన వెంటనే చిన్న గెంతు, వెనక్కీ ఎడమకీ కలిపి. అవతలి బ్యాట్ బాల్‌ని తాకకముందే నేల మీద ఉండాలి. మల్టీబాల్ కూడా మార్చాను: ఆమె సర్వ్ చేస్తుంది, ఆ బాల్‌ని పట్టించుకోకుండా వెంటనే నా చేతిలోంచి కట్ బాల్ పొడుగ్గా వస్తుంది. సర్వ్ లేకుండా ఒక్క లూప్ కూడా లేదు. మొదటి రోజు పదికి నాలుగు పడ్డాయి, రెండు వందల లూప్‌ల పిల్ల! అప్పుడు అసలు రోగం ఇద్దరికీ అర్థమైంది.

ఇక రెండో సర్వ్. మూడు మ్యాచ్‌లలో ఆమె వేసినవన్నీ గట్టి కట్ సర్వ్‌లే, కాబట్టి అవతలివాళ్ళు కళ్ళు మూసుకుని బ్యాట్ తెరిచి పుష్ చేసేస్తున్నారు. దానికి జోడీగా స్పిన్ దాదాపు లేని డెడ్ సర్వ్ నేర్పాను. చూడటానికి చెయ్యి ఒకేలా తిరగాలి, తాకే చోటు మాత్రం వేరు. గట్టి కట్‌కి బ్యాట్ కొసతో, బాల్ అడుగున పల్చగా గీసినట్టు తాకాలి, ఎందుకంటే బ్యాట్ కొస అన్నిటికంటే వేగంగా తిరుగుతుంది. డెడ్‌కి పిడికి దగ్గరి భాగంతో కాస్త మందంగా, తోసినట్టు తాకి, ఆ తర్వాత అదే వేగంతో చెయ్యి కిందికి తిప్పేయాలి. 2002 నుంచి సర్వ్‌లో బాల్‌ని చేత్తోగాని ఒంటితోగాని దాచకూడదు కాబట్టి మోసమంతా ఆ తాకే ముక్కలోనే ఉండాలి. గట్టి కట్ అనుకుని బ్యాట్ తెరిచి పుష్ చేస్తే డెడ్ సర్వ్ పైకి లేస్తుంది. లేచిన బాల్‌ని కొట్టడానికి ఎవరికీ కోచింగ్ అక్కర్లేదు.

అనుకున్నాను. మొదటి వారం ఆ లేచిన బాల్స్ అన్నీ అడుగు దూరంలో బయటికి పోయాయి. ఎందుకంటే గట్టి కట్ మీద వచ్చే పుష్‌లో బరువైన బ్యాక్‌స్పిన్ ఉంటుంది, దానికి మోకాలి ఎత్తు నుంచి మొదలుపెట్టి పైకి గీయాలి. డెడ్ సర్వ్ మీద వచ్చే పుష్‌లో మామూలుగా స్పిన్ తక్కువ, దాన్ని కూడా అలాగే పైకి గీస్తే ఎగిరిపోతుంది. దానికి బ్యాట్ టేబుల్ ఎత్తులోనే మొదలవ్వాలి, ముందుకి పోవాలి. రెండు సర్వ్‌లు నేర్చుకుంటే రెండు లూప్‌లు కూడా నేర్చుకోవాలన్నమాట, ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. మార్గం ఏంటంటే, ప్రాక్టీస్‌లో సర్వ్ వేస్తూనే తను పైకి వినపడేలా "కట్" లేదా "డెడ్" అనాలి. పక్క టేబుల్ వాళ్ళు నవ్వారు కానీ రెండు వారాల్లో చెయ్యి ఆ మాటకి కట్టుబడింది. మ్యాచ్‌లో మనసులో అనుకుంటుంది.

లూప్ బలం గురించి కూడా గొడవపడ్డాం. పిల్లలకి మూడో బాల్ అంటే అక్కడే చంపేయాలని. గట్టి కట్ మీద వచ్చిన పుష్‌ని మూడింట రెండొంతుల బలంతోనే, ఎక్కువ స్పిన్‌తో, టేబుల్ చివర పడేలా కొట్టమన్నాను, చంపేది ఐదో బాల్‌తో. ఎక్కడికి? మూలలకి కాదు. పొట్టి సర్వ్‌ని పుష్ చేసినవాళ్ళు ఒక కాలు టేబుల్ కిందికి పెట్టి వంగి ఉంటారు, వాళ్ళు లేచి వెనక్కి వచ్చేలోపు కుడి మోచేతి మీదికి వేస్తే ఫోర్‌హ్యాండా బ్యాక్‌హ్యాండా తేల్చుకోలేరు. మూలకి కొట్టి వాళ్ళు అడ్డుపెడితే అది మన ఖాళీ మూలకి తిరిగొస్తుంది, అదీ లెక్కలో ఉంచుకోవాలి.

మా కాకినాడలో ఆడేవాళ్ళకి ఇంకో తలనొప్పి. వానాకాలం సాయంత్రాలు రబ్బర్ మీద తేమ పట్టి బాల్ జారిపోతుంది, గట్టి కట్ అనుకుని వేసింది సగం డెడ్‌గా పోతుంది. ఆమె "కట్" అనుకుని పైకి గీస్తే అదీ బయటికే. అలాంటి రోజుల్లో ప్రతి టవల్ బ్రేక్‌కి రబ్బర్ తుడవడం, మొదటి నాలుగు సర్వ్‌లలో మన కట్ ఇవాళ ఎంత పడుతోందో వచ్చే పుష్ బట్టి చూసుకోవడం తప్ప మార్గం లేదు.

రిసీవ్ వైపు కూడా ఇదే లెక్క తలకిందులుగా ఉంటుంది. మనకి ఎలాంటి బాల్ కావాలో వాళ్ళకి అది ఇవ్వకూడదు, అంతే. ఆమె ప్రతి పొట్టి సర్వ్‌నీ నిదానంగా బ్యాక్‌హ్యాండ్ మూలకి పుష్ చేస్తోంది, అంటే మూడో బాల్‌ని పళ్ళెంలో పెట్టి ఇస్తోంది. అన్ని రకాల రిసీవ్‌లూ నేర్పేంత టైం లేదు కాబట్టి రెండే పెట్టుకున్నాం. ఒకటి పొట్టి పుష్: కుడికాలు టేబుల్ కిందికి, బాల్ లేస్తుండగానే, చెయ్యి వదులుగా పెట్టి తాకి ఆపేయడం. ఆలస్యంగా తాకితే అది పొట్టిగా ఉండనే ఉండదు. రెండోది అదే కాలు, అదే తొందర, కానీ వేగంగా, పొడుగ్గా, వాళ్ళ మోచేతి మీదికి. రెండింటికీ మొదలు ఒకేలా ఉండటం వల్ల సర్వ్ చేసినవాళ్ళు వెనక్కి జరగాలా ముందుకి రావాలా అని ఆగిపోతారు. డెడ్ సర్వ్ అని తెలిస్తే టేబుల్ మీదే మణికట్టుతో చటుక్కున కొట్టే ఫ్లిక్. ఎలా తెలుస్తుంది? బాల్ మీద అచ్చు స్పష్టంగా కనపడితే స్పిన్ తక్కువ. కట్ ఉన్న బాల్ మన వైపు పడ్డాక ఆగినట్టు ఉంటుంది, డెడ్ బాల్ ఆగదు, మన మీదికే వచ్చేస్తుంది. ఇది మాటల్లో తేలికే, కళ్ళకి పట్టడానికి మాత్రం ఆమెకి నెలన్నర పట్టింది.

మ్యాచ్‌లో ప్లాన్ ఇలా పెట్టుకున్నాం. మనకి రెండేసి సర్వ్‌లు వస్తాయి కాబట్టి వాటిని జతలుగా ఆలోచించాలి. మొదటి జత మధ్యలోకి కట్, మళ్ళీ మధ్యలోకి కట్. ఆ రెండింటికీ అవతలి అమ్మాయి ఎలా పుష్ చేసిందో చూడాలి, పాయింట్ పోయినా పర్వాలేదు. రెండో జతలో కట్ తర్వాత అక్కడికే డెడ్. అది లేచిందంటే ఆ అమ్మాయి సర్వ్ చదవలేకపోతోందన్నమాట, గేమంతా ఆ జోడీనే నడపొచ్చు. లేవకుండా ఫ్లిక్ చేసిందంటే డెడ్ ఆపేసి, ముందుకి వంగిన ఆమెకి ఒకసారి వేగంగా పొడుగు సర్వ్ బ్యాక్‌హ్యాండ్ మూలకి. 9-9 వచ్చినప్పుడు కొత్తది వేయకూడదు, ఆ గేమ్‌లో అప్పటిదాకా పనిచేసిందే వేయాలి. దీని మీద మా హాల్లో ఇంకో కోచ్‌కి నాకూ పడదు, ఆయన 9-9కి దాచుకున్న సర్వ్ తీయాలంటాడు. పదహారేళ్ళ పిల్ల చేతికి దాచుకున్న సర్వ్ 9-9లో రాదని నా అనుభవం.

ఈ ప్లాన్ అందరి మీదా నడవదు. మణికట్టు తిప్పి పక్క స్పిన్‌తో కొట్టే బ్యాక్‌హ్యాండ్ చికిటా ఫ్లిక్ బాగా ఉన్నవాళ్ళకి మధ్యలోకి పొట్టి సర్వ్ వేయడం కొరివితో తల గోక్కోవడమే. 2011లో ప్రపంచ ఛాంపియన్ అయిన జాంగ్ జికే పొట్టి సర్వ్‌లని ఎలా చీల్చేవాడో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటివాళ్ళకి ఫోర్‌హ్యాండ్ వైపు బాగా పక్కకి పొట్టిగా, లేదా పొడుగ్గా మోచేతి మీదికి వేయాలి. లాంగ్ పింపుల్స్, అంటే పొడుగు బొడిపెలున్న రబ్బర్ వాడేవాళ్ళ దగ్గర ఇంకో తిరకాసు: గట్టి కట్ వేస్తే వాళ్ళు పుష్ చేసినట్టే కనిపిస్తుంది గానీ తిరిగొచ్చేది కట్ కాదు, డెడ్ లేదా కాస్త టాప్‌స్పిన్. దాన్ని పైకి గీస్తే పక్క టేబుల్ మీద పడుతుంది. ఆ రబ్బర్‌కి డెడ్ సర్వ్ పొడుగ్గా వేస్తే తిరిగొచ్చేదాంట్లో కూడా స్పిన్ ఉండదు, నేరుగా కొట్టుకోవచ్చు.

సెప్టెంబర్‌లో ఇంకో నాలుగు మ్యాచ్‌ల వీడియో తీసి అదే నోట్‌బుక్‌లో రాశాను. పొడుగు పుష్‌ల మీద 49 లూప్‌లు కొట్టింది, 14 పోయాయి. జూలైలో సగానికి పైగా పోయేవి. సర్వ్ మీద ఎటాక్‌లు 12కి తగ్గాయి, వాటిలోనూ సగం డెడ్ సర్వ్‌ని చదివి ఫ్లిక్ చేసినవే. ఆపి చూస్తే కాళ్ళు చాలావరకు నేల మీదే ఉన్నాయి, గేమ్ చివర్లో మాత్రం మళ్ళీ టేబుల్‌కి అతుక్కుంటోంది. వాళ్ళ నాన్న ఆ వీడియోలు చూసి "లూప్ బాగా మెరుగుపడింది సార్" అన్నారు. లూప్‌ని మేము ముట్టుకున్నది చాలా తక్కువ, ఆ మాట ఆయనకి చెప్పినా నమ్మలేదు.

నాలుగో మ్యాచ్ మాత్రం ఓడిపోయింది. అవతలి అమ్మాయి రెండో గేమ్ నుంచి మన సర్వ్‌లన్నీ పొట్టిగానే వెనక్కి వేసింది. నెట్ దగ్గర పడే బాల్ కోసం మా అమ్మాయి వెనక్కి గెంతి మళ్ళీ ముందుకి పరిగెత్తాల్సి వచ్చింది, అక్కడికెళ్ళి ఏం చేయాలో తోచక పొడుగ్గా పుష్ చేసి ఎదురు లూప్ తినింది. వీడియో చూస్తే అలా పొట్టిగా వచ్చిన సర్వ్‌ల్లో సగానికి పైగా రెండో బౌన్స్ టేబుల్ చివరి జానెడులో కాదు, నెట్‌కి దగ్గర్లోనే పడింది. అంటే బయటికి పోతుందన్న భయంతో మరీ పొట్టిగా వేస్తోంది. సోమవారం నుంచి చేతిరుమాలు అవతలి వైపు చివరి గీత దగ్గరికి మార్చాం, రెండో బౌన్స్ దాని మీద పడాలి. పొట్టిగా తిరిగొస్తే ఏం చేయాలో కూడా ఈ వారమే మొదలుపెట్టాం, ముందుగా ఫోర్‌హ్యాండ్ వైపు వచ్చినదాన్ని ఫ్లిక్ చేయడం ఒక్కటే.